ముందు వెలుతురు, ఆఖరున మచ్చ

పెళ్లి ఆల్బమ్ షీట్ ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. పన్నెండు అంగుళాల ఎత్తు, ముప్పై ఆరు అంగుళాల వెడల్పు. తలంబ్రాలు అయిన మరుక్షణం పెళ్లికూతురు తలెత్తి నవ్విన ఫొటో, షీట్ మొత్తం పరుచుకుని ఉంటుంది. కాస్త దూరం నుంచి చూస్తే చక్కగానే ఉంటుంది. దగ్గరికి వస్తే ఎడమ బుగ్గ మీద నున్నగా ఒక ముద్ర, దాని పక్కన మరొకటి, కళ్ల కింద బూడిద పులిమినట్టు రెండు చారలు కనిపిస్తాయి. ఆ అమ్మాయి ముఖంలో అవేవీ లేవు. అవన్నీ నేను చేసినవే. ఆ షీట్ వెనక్కి తీసుకుని, నా ఖర్చుతో మళ్లీ వేయించి ఇచ్చాను.

జరిగింది ఇది. ఫొటో తెరవగానే నా కన్ను మొటిమల మీద పడింది. వాటితోనే మొదలుపెట్టాను. ఒక్కొక్కటీ తీసేశాను, కళ్ల కింద నలుపు తగ్గించాను, చెంపలు సరిచేశాను. రెండు గంటలు పట్టింది. మర్నాడు పెళ్లికూతురు తల్లిగారు వచ్చి చూశారు. "బాబూ, అంతా బాగుంది గానీ అమ్మాయి చీకట్లో కూర్చున్నట్టుంది. కాస్త వెలుగు పెంచండి," అన్నారు. ఆవిడ మాట నిజమే. ఫొటో చీకటిగానే ఉంది. "అలాగేనండి, ఎంతసేపండీ," అన్నాను.

కింద ఉన్న అసలు రా ఫైల్‌కు వెళ్లి ఎక్స్‌పోజర్ పెంచాను. ముఖం వెలిగింది. కానీ నేను మొటిమలు తీసిన చోట్లన్నీ నల్లటి నాణేలు అతికించినట్టు మిగిలిపోయాయి. మొటిమ మీద వేసిన అతుకు పై లేయర్‌లో ఉంటుంది. అది అతికించిన రోజు ఎంత వెలుతురుందో అంతే దానిలో ఉంటుంది. కింద ఎంత పెంచినా దానికి తెలియదు. మళ్లీ మొదటి నుంచి చేసే ఓపిక లేక, ఎక్స్‌పోజర్‌ను పాత స్థానానికి తెచ్చి, అన్నిటికంటే పైన ఒక కర్వ్స్ లేయర్ వేసి మొత్తాన్ని ఒకేసారి పెంచాను. స్క్రీన్ మీద బాగానే అనిపించింది. షీట్ వచ్చాక తెలిసింది. చీకట్లో అతుక్కి, పక్క చర్మానికి మధ్య కంటికి ఆనని చిన్న తేడా ఉండిపోయింది. వెలుతురు పెంచితే ఆ తేడా కూడా పెరిగింది.

ఆ రోజు నేను పెంచాల్సింది ఒక స్టాప్ కూడా కాదు. ఒక స్టాప్ అంటే కెమెరాకు అందిన వెలుతురును రెట్టింపు చేయడం. అందులో మూడింట రెండు వంతులు పెంచితేనే రెండు గంటల పని పాడైంది.

కంప్యూటర్లు రాకముందు స్టూడియోల్లో ఈ తప్పు జరగడానికి పెద్దగా వీలుండేది కాదు. డార్క్‌రూమ్‌లో ప్రింట్ వేసేవారు ముందు చిన్న కాగితం ముక్క మీద ఐదేసి సెకన్ల తేడాతో వెలుతురు పడనిచ్చి, ఏ పట్టీ బాగుందో చూసుకుని మొత్తం కాగితానికి సమయం నిర్ణయించుకునేవారు. అది తేలాకే, ఒక పుల్లకు అట్టముక్క గుచ్చి ముఖం మీద నీడ పట్టేవారు. అలా నీడ పట్టిన చోట ప్రింట్ తేటగా వస్తుంది. చేతుల సందులోంచి వెలుతురు వదిలి అంచులను నల్లబరిచేవారు. ప్రింట్ కడిగి, ఆరబెట్టాక, సన్నటి కుంచెతో దుమ్ము చుక్కలు పూడ్చేవారు. నెగటివ్ మీద పెన్సిల్‌తో చేసే టచింగ్ ఒక్కటే ముందు జరిగేది. మిగతాదంతా పెద్దదాని నుంచి చిన్నదానికే. 1990లో వచ్చిన ఫొటోషాప్ ఈ పనుల పేర్లను అలాగే తీసుకుంది. అందులో డాడ్జ్ పనిముట్టు బొమ్మ చూడండి, పుల్లకు గుచ్చిన గుండ్రటి అట్ట. బర్న్ బొమ్మ వేళ్లు ముడిచిన చెయ్యి. పేర్లు వచ్చాయి గానీ వరస మాత్రం మన చేతికే వదిలేసింది. ఏ పనైనా ఎప్పుడైనా చేయనిస్తుంది.

లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో సంగతి కొంచెం వేరు. అక్కడ ఏ స్లైడర్ ముందు కదిపినా, ఏది తర్వాత కదిపినా, లోపల ఆ లెక్కలు సాఫ్ట్‌వేర్ తనకు తెలిసిన వరసలోనే వేసుకుంటుంది. అందుకే అక్కడ వరస అక్కర్లేదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఫైల్ చెడకపోవచ్చు, కానీ చూసే కన్ను చెడుతుంది. చీకటి ఫొటోలో ఎర్ర మొటిమ దాక్కుంటుంది. పసుపు తిరిగిన ఫొటోలో కళ్ల కింద నీలి ఛాయ కనపడదు. కాంట్రాస్ట్ పెంచితే అప్పటిదాకా లేని మచ్చ పుట్టుకొస్తుంది. వెలుతురు, రంగు తేలకుండా మచ్చ ఎంత పెద్దదో ఎవరూ చెప్పలేరు. ఎంత పెద్దదో తెలియకపోతే ఎంత తీయాలో కూడా తెలియదు.

అదే ఫొటోను నేను రెండోసారి ఎలా చేశానో చెబుతాను.

ముహూర్తం రాత్రి రెండు గంటలకు. అమ్మాయి మధుపర్కంలో ఉంది, తెల్లటి నూలు బట్ట, ఎర్ర అంచు. ముఖానికి మంగళస్నానం నాటి పసుపు ఇంకా లీలగా ఉంది. కళ్యాణ తిలకం, బుగ్గన చుక్క, జడలో, భుజం మీద తలంబ్రాల గింజలు. ఎడమ వైపు నుంచి వీడియో అతని హాలోజన్ దీపం పడుతోంది. అది 3200 కెల్విన్ దగ్గర ఉండే పచ్చటి వెలుతురు. కుడి వైపు నుంచి నా ఫ్లాష్, దాదాపు పగటి వెలుతురు లాంటిది, 5500 దరిదాపుల్లో. ఒకే ముఖం మీద రెండు రంగుల వెలుతురు.

ఫ్రేమ్ నిటారుగా ఉందో లేదో చూసి, లెన్స్ వల్ల వచ్చిన వంపు సరిచేసి, క్రాప్ చేశాను. దీని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పక్కన వెలిగిపోతున్న ట్యూబ్‌లైటు ఒకటి ఫ్రేమ్‌లో ఉంటే కంటిని మోసం చేస్తుంది కాబట్టి క్రాప్ ముందే అయిపోవడం మంచిది.

తర్వాత ఎక్స్‌పోజర్ ముట్టుకోవాలని చెయ్యి లాగుతుంది. నేను ముందు రంగు చూస్తాను, అంటే వైట్ బ్యాలెన్స్. కారణం ఉంది. టెంపరేచర్ స్లైడర్ కదిపినప్పుడు మారేది రంగు మాత్రమే అనిపిస్తుంది గానీ, నిజానికి అది ఎరుపు, నీలం చానళ్లను పెంచి తగ్గిస్తుంది. హాలోజన్ కింద చర్మంలో ఎరుపు చానల్ అన్నిటికంటే ముందు నిండిపోతుంది. ఆ స్థితిలో ఎక్స్‌పోజర్ కొలిస్తే "ఇక పెంచడానికి చోటు లేదు" అని చెబుతుంది. పచ్చదనం తగ్గించగానే ఎరుపు దిగి, చోటు దొరుకుతుంది. రంగు తేల్చకుండా వెలుతురు తేలిస్తే, రంగు మార్చిన ప్రతిసారీ వెలుతురు మళ్లీ చూసుకోవాల్సి వస్తుంది.

వైట్ బ్యాలెన్స్‌కు ఒక డ్రాపర్ ఉంటుంది. తెల్లటి, బూడిదరంగు వస్తువు మీద నొక్కితే మిగతాది అదే సరిచేస్తుంది. నేను మధుపర్కం మీద నొక్కాను. ఫొటో మొత్తం నీలంగా మారి, అమ్మాయి ముఖం పాలిపోయింది. మధుపర్కం మనకు తెలుపుగా కనిపిస్తుంది గానీ అది ముడి నూలు తెలుపు, కాస్త మీగడ రంగు. పైగా అంచుకు పసుపు తగిలి ఉంది. డ్రాపర్ ఆ పసుపును తప్పు అనుకుని నీలంతో కొట్టేసింది. పోనీ అని పక్కన కూర్చున్న పెద్దాయన చొక్కా మీద నొక్కితే ఫొటో పచ్చబడింది. ఉతికిన తెల్ల చొక్కాల్లో నీలి మెరుపు ఉంటుంది, ఫ్లాష్ పడితే అది ఇంకా ఎక్కువవుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పసుపుతో కొట్టేసింది. రెంటికీ మధ్య ఎక్కడో నిజం ఉంది.

అప్పుడు డ్రాపర్ వదిలేసి చర్మాన్నే చూశాను. మౌస్ నుదుటి మీద ఉంచితే హిస్టోగ్రామ్ కింద మూడు అంకెలు కనిపిస్తాయి. మన చామనఛాయ ముఖంలో ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ మధ్య, నీలం తక్కువ ఉండాలి. నీలం, ఆకుపచ్చ దగ్గరైపోతే ముఖం పాలిపోయినట్టు, గులాబీ తిరిగినట్టు ఉంటుంది. నీలం మరీ పడిపోతే కామెర్లు వచ్చినట్టు ఉంటుంది. ఈ అమ్మాయికి పసుపు రాశారు కాబట్టి నీలం మామూలుకంటే కొంచెం తక్కువే ఉండాలి. ఆ పసుపు తప్పు కాదు, అది ఆ రోజు ముఖం. చర్మం సరిగ్గా అనిపించిన చోట ఆగాను. నుదురు 68, 52, 41 చూపించింది. ఈ సర్దుబాటు ముఖంలో ఫ్లాష్ పడిన కుడి వైపు కోసం. ఎడమ చెంప మీద హాలోజన్ పచ్చదనం కొంత అలాగే మిగిలింది. దాన్ని అప్పుడు ముట్టుకోలేదు. మొత్తం ఫొటోకు ఒకే నిర్ణయం, సగం ముఖానికి వేరే నిర్ణయం. రెండోది తర్వాత చేసే పని.

ఇప్పుడు ఎక్స్‌పోజర్. ఫొటో ఎందుకు చీకటైంది? తెల్ల మధుపర్కం ఫ్రేమ్‌లో సగం ఉంది. కెమెరా మీటర్ ఆ తెలుపును చూసి వెలుతురు ఎక్కువైందని అనుకుని తగ్గించేసింది. ఎక్స్‌పోజర్ 0.65 పెంచాను. ముఖం చూసి పెంచాను, ఫొటో చూసి కాదు. అలా పెంచాక బట్ట మడతలు కొన్ని తెల్లగా కాలిపోబోయాయి. వాటి కోసం హైలైట్స్ 40 తగ్గించాను. Alt నొక్కి పట్టుకుని స్లైడర్ కదిపితే ఎక్కడ వివరం పోతోందో నల్లటి తెర మీద మెరుస్తుంది. అక్కడ హారం మీద చుక్కలు మెరిశాయి. వాటిని వదిలేశాను. బంగారం మీద పడ్డ వెలుతురు తళుక్కుమనకపోతే అది బంగారంలా ఉండదు. బట్ట మడతలో, నుదుటి మీద మాత్రం ఒక్క చుక్క కూడా మెరవకూడదు.

తర్వాత కాంట్రాస్ట్, కర్వ్ ద్వారా, చాలా కొద్దిగా. కర్వ్‌తో కాంట్రాస్ట్ పెంచితే రంగులు కూడా చిక్కబడతాయి. చర్మంలో ఎరుపు పైకొస్తుంది. చర్మం రంగును విడిగా దిద్దే పని కర్వ్ తర్వాతే పెట్టుకోవాలి. ముందే దిద్దితే కర్వ్ దాన్ని చెరుపుతుంది.

తల్లిగారు మరో మాట కూడా అన్నారు. "ఇంకాస్త తెల్లగా వస్తే బాగుంటుంది కదా బాబూ." ఈ మాట ఏ ఊళ్లో పెళ్లయినా వినిపిస్తుంది. దానికి చాలామంది చేసేది ఆరెంజ్ ల్యూమినెన్స్ స్లైడర్ పెంచడం. మన చర్మం రంగు ఆ ఆరెంజ్‌లోనే ఉంటుంది కాబట్టి ముఖం తెల్లబడుతుంది. అయితే పసుపు, బంగారం, తలంబ్రాలు కూడా అదే రంగుకు దగ్గరగా ఉంటాయి. స్లైడర్ 30 దాటగానే హారం ఇత్తడిలా అయింది, ముఖాన పసుపు పోయింది. ఆవిడకు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. "వద్దులెండి, నగ నగలా ఉండనివ్వండి," అన్నారు. నా మట్టుకు నేను ఆ అమ్మాయి ఛాయ మార్చడానికి ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆవిడే ఆపినందుకు సంతోషించాను. నిజానికి ఆవిడకు కావాల్సింది తెలుపు కాదు, వెలుతురు. అది ఎక్స్‌పోజర్‌లోనే వచ్చేసింది.

ఇక్కడికి మొత్తం ఫొటోకు సంబంధించిన పని అయిపోయింది. అప్పుడు తల్లిగారికి చూపించి, "వెలుతురు, రంగు ఇలా ఉంటే సరేనాండీ?" అని అడిగాను. సరేనన్నాకే ముందుకు కదిలాను.

రా ఫైల్‌లోనే రెండు మాస్కులు వేశాను. ఒకటి ఎడమ చెంపకు, టెంపరేచర్ కాస్త తగ్గించి హాలోజన్ పచ్చదనం తీయడానికి. అంచు బాగా మెత్తగా, ముక్కు దగ్గర కరిగిపోయేట్టు. ఇంకొకటి వెనక ఉన్న జనానికి, అర స్టాప్ తగ్గించి. నాయిస్ తగ్గించడం కూడా ఇక్కడే చేసేశాను. మచ్చలు తీశాక నాయిస్ తగ్గిస్తే అతుకు ఒక నునుపు, పక్క చర్మం ఒక నునుపు అవుతుంది.

అప్పుడు ఫొటోషాప్‌లోకి, 16 బిట్‌లో. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. నుదుటి మీద వెలుతురు నుంచి నీడకు జారే చోట ఆ మెట్లు చాలక చారలు పడతాయి.

మచ్చల పని ఖాళీ లేయర్ మీద చేశాను. హీలింగ్ బ్రష్ తీసుకున్నప్పుడు పైన Sample అనే చోట మూడు ఎంపికలు ఉంటాయి. చాలామంది All Layers పెట్టుకుంటారు. పైన కర్వ్స్ లేయర్ ఏదైనా ఉంటే అదే ప్రమాదం. బ్రష్ ఆ కర్వ్స్ వెలుతురుతో కలిపి చర్మాన్ని తీసుకుంటుంది. అతికించాక పైనున్న కర్వ్స్ దాని మీద మళ్లీ పనిచేస్తుంది. వెలుతురు రెండుసార్లు పడి, అతుకు తెల్లగా తేలుతుంది. Current & Below పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. ఎడిట్ చేసేవారు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలా ముఖాలు బాగుపడతాయి.

నూటికి నూరు శాతం జూమ్‌లో మొటిమలు లెక్కపెట్టాను, పదకొండు. మొదటిసారి నేను నలభైదాకా చోట్ల చెయ్యి పెట్టాను. చీకటి ఫొటోలో నీడ ఏదో మచ్చ ఏదో తెలియక కనపడిన ప్రతి నలుపునూ తీసేశాను. వెలుతురు సరిగ్గా పడ్డాక వాటిలో చాలావరకు ముఖం వంపులేనని తెలిసింది. రెండు వారాల్లో దానంతటది పోయేదాన్ని తీస్తాను, పుట్టుమచ్చను ముట్టుకోను. ఇదే నా లెక్క. ఈ లెక్కలో ఇంకొకటి ఉంది. మొదటి విడతలో నేను వేగంగా బ్రష్ ఆడిస్తూ బుగ్గన చుక్కను కూడా తీసేశాను! కాటుకతో పెట్టిన దిష్టి చుక్క. పనిముట్టుకు అది ఒక నల్ల మచ్చే. భుజం మీద తలంబ్రాల గింజ ఒకటి కూడా అలాగే పోయింది. రెండోసారి ఆ రెండిటినీ ముందే ఒక వలయం గీసి గుర్తుపెట్టుకున్నాను.

మచ్చలు పోయాక డాడ్జ్, బర్న్. అంటే చర్మాన్ని చెరపకుండా, ఎక్కడ నలుపు ఎక్కువుందో అక్కడ వెలుగు, ఎక్కడ వెలుగు ఎక్కువుందో అక్కడ నలుపు, కొద్దికొద్దిగా. రెండు కర్వ్స్ లేయర్లు, ఒకటి పెంచేది, ఒకటి తగ్గించేది. రెండిటికీ నల్ల మాస్క్, తెల్ల బ్రష్, ఫ్లో రెండు శాతం. ఒక్క గీతకు ఏమీ కనపడదు, పది గీతలకు కనపడుతుంది. కళ్ల కింద నలుపును పూర్తిగా తీయలేదు, సగం తగ్గించాను. రాత్రి రెండింటిదాకా మేలుకుని పీటల మీద కూర్చున్న అమ్మాయి కళ్ల కింద ఆ మాత్రం ఉంటుంది. పైన తాత్కాలికంగా ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ పెట్టుకుంటే రంగు దారి తప్పించకుండా నీడలు మాత్రమే కనిపిస్తాయి. ఈ పనికి జూమ్ తగ్గించాలి, ముఖం మొత్తం ఒకేసారి కంటికి ఆనేంతగా. రంధ్రం రంధ్రం చూస్తూ చేస్తే ముఖం చదునైపోతుంది.

మచ్చల తర్వాతే ఇది ఎందుకంటే, మొటిమ చుట్టూ ఉన్న ఎర్రటి ఉబ్బు నీడలా కనిపిస్తుంది. మొటిమ ఉండగా ఆ నీడను వెలిగిస్తే, మొటిమ తీశాక అక్కడ తెల్లటి గుంట మిగులుతుంది.

షార్ప్‌నెస్ అన్నిటికంటే ఆఖరు. షీట్ సైజుకు మార్చాక, దానికి ముందు కాదు. 12×36 షీట్ అంటే అంగుళానికి 300 చొప్పున 3600, 10800 పిక్సెళ్లు. దానికి సరిపోయే షార్ప్‌నెస్, వాట్సాప్‌లో పంపే చిన్న ఫొటోకు పెడితే కనురెప్పలు తీగల్లా లేస్తాయి. చిన్నదానికి పెట్టింది షీట్‌కు చాలదు. అందుకే పనంతా ఉన్న ఫైల్‌ను ముట్టుకోకుండా, రెండు సైజులకు రెండు కాపీలు తీసి, వేటికవి షార్ప్ చేశాను.

మొత్తం ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. మొదటిసారి పట్టిన రెండు గంటలతో పోల్చుకుంటే అందులో నేర్పు పెరిగింది లేదు, ఒక్క వారం తేడా. చేసిన పనిని మళ్లీ చేయాల్సిన అవసరం రాలేదంతే.

ఒకసారి ముందుకు వెళ్లాక మళ్లీ వెనక్కి రాకూడదని కాదు. మచ్చలు తీశాక ఫొటో కాస్త చప్పగా ఉందనిపిస్తే పైన ఒక పల్చటి కర్వ్స్ వేసుకోవచ్చు. అది ఎంతవరకు తట్టుకుంటుందో తెలుసుకోవడానికి నేను చేసే పరీక్ష ఒకటుంది. పని అయ్యాక అన్నిటికంటే పైన ఒక కర్వ్స్ లేయర్ వేసి బాగా నిటారుగా లాగుతాను, ఫొటో వికారంగా మారేంతగా. అతుకులు సరిగ్గా పడి ఉంటే అప్పుడు కూడా కనపడవు. ఎక్కడైనా గుండ్రటి ముద్ర తేలితే అక్కడికి వెళ్లి దిద్ది, ఆ లేయర్ తీసేస్తాను. మొదటి షీట్‌ను ల్యాబ్‌కు పంపే ముందు ఈ పరీక్ష చేసి ఉంటే ఆ బుగ్గ మీది ముద్రలు ఇంట్లోనే బయటపడేవి.

పెళ్లి ఫొటోలు తీయించుకునేవారికి ఒక్క విన్నపం. ఫొటోగ్రాఫర్ మొదటిసారి ఫొటోలు చూపించినప్పుడు ముఖాన మొటిమ ఉందని, జుట్టు చెదిరిందని చెప్పకండి, అవి ఎలాగూ ఆయన తీస్తారు. చీకటిగా ఉందా, పచ్చగా ఉందా, చీర రంగు మీరు కొన్న రంగేనా, ఇవి అప్పుడే చెప్పండి. వీలైతే ఆ చీర పక్కన పెట్టుకుని చూడండి.